నంబరు మారితే దారి తప్పే పోర్టు: ఇంటి కంప్యూటర్‌కు రౌటర్‌లో స్థిరమైన చిరునామా

రౌటర్‌లో మనం రాసుకునే ఫార్వర్డింగ్ రూల్‌కు కంప్యూటర్ ఎవరో తెలియదు. దానికి తెలిసింది ఒక నంబరు మాత్రమే. బయటి నుంచి ఫలానా పోర్టుకు వచ్చిన ప్యాకెట్‌ను లోపల 192.168.0.103కి పంపమని రాస్తాం. ఆ నంబరు దగ్గర ఇవాళ మన డెస్క్‌టాప్ ఉందా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ ఫోన్ ఉందా అన్నది రూల్ చూడదు. అద్దెకున్నవాళ్ళు మారినా పాత డోర్ నంబరుకే ఉత్తరం వేసి వెళ్ళే పోస్ట్‌మ్యాన్ లాంటిది అది. ఇక ఏ పరికరానికి ఏ నంబరు ఇవ్వాలో నిర్ణయించేది అదే రౌటర్‌లో ఉండే ఇంకో భాగం, డీహెచ్‌సీపీ సర్వర్. ఇద్దరూ ఒకే డబ్బాలో కాపురం ఉన్నా చాలా రౌటర్లలో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నంబరు మార్చినప్పుడు సర్వర్ వెళ్ళి రూల్‌ను సరిదిద్దదు.

అందుకే పోర్ట్ ఫార్వర్డింగ్ గురించి ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా ఒకటే: ముందు ఆ కంప్యూటర్ నంబరు కదలకుండా చెయ్యండి. సలహా సరైనదే. అయితే దాన్ని అమలు చేసే దారులు రెండు మూడు ఉన్నాయి, వాటి మంచిచెడ్డలు ఒకటి కాదు. నంబరు కదలకుండా చేసిన తరవాత కూడా రూల్ పనిచేయని సందర్భాలున్నాయి. వీటన్నిటినీ ఒక వరసలో చూడటమే ఈ వ్యాసం పని.

ముందు, అసలు నంబరు ఎప్పుడు మారుతుంది? రోజూ మారదు. చిక్కంతా అక్కడే ఉంది. డీహెచ్‌సీపీ 1993లో ప్రమాణంగా వచ్చింది. ఇప్పటికీ ఇళ్ళలో నడుస్తున్న రూపానికి ఆధారం 1997 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2131. దాని ప్రకారం నంబరును సర్వర్ మనకు రాసివ్వదు, కొంత గడువుకు లీజుకిస్తుంది. మామూలుగా గడువులో సగం గడవగానే కంప్యూటర్ అదే సర్వర్‌ను పొడిగింపు అడుగుతుంది. జవాబు రాకపోతే గడువులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక ఏ సర్వర్ పలికినా చాలని మళ్ళీ అడుగుతుంది. పొడిగింపు దొరికినంత కాలం నంబరు అదే. కాబట్టి ఇరవై నాలుగు గంటలూ వెలుగుతూ ఉండే కంప్యూటర్‌కు లీజు రెండు గంటలే అయినా నెలల తరబడి ఒకే నంబరు ఉండవచ్చు.

ఆపి మళ్ళీ వెలిగించినా వెంటనే మారదు. పాత సభ్యుడు తిరిగి వస్తే ముందు అతని పాత నంబరే ఖాళీగా ఉందేమో చూడమని ప్రమాణం చెబుతుంది. కంప్యూటర్ కూడా తనకు గుర్తున్న నంబరునే ముందు అడుగుతుంది. చాలా ఇంటి రౌటర్లలో నడిచే డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ ఇంకో అడుగు ముందుకేసి, కొత్త నంబరు వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ నుంచే లెక్కగడుతుంది. దానివల్ల రౌటర్ తన లీజుల పట్టికను మరిచిపోయినా ఎక్కువసార్లు ఆ కంప్యూటర్‌కు అదే నంబరు వస్తుంది. ఇన్ని మంచి అలవాట్లు కలిసి, మనం ఏమీ చేయకుండానే నంబరు స్థిరంగా ఉందన్న భ్రమ కల్పిస్తాయి. రూల్ రాసిన రోజున పనిచేస్తుంది, సంక్రాంతి దాకా పనిచేస్తుంది, ఎవరూ ఏమీ ముట్టుకోని ఒక మధ్యాహ్నం ఆగిపోతుంది.

ఆ మధ్యాహ్నం ఏం జరిగి ఉంటుందో ఒక ఇంటి లెక్కతో చూద్దాం. రాజమండ్రిలో ఒక ఇల్లు అనుకుందాం. రౌటర్ నంబరు 192.168.0.1. అది పంచిపెట్టే నంబర్ల శ్రేణి 100 నుంచి 199 దాకా, లీజు రెండు గంటలు. హాల్లో లినక్స్ వేసిన పాత డెస్క్‌టాప్ ఉంది. ఇంటి ఫొటోలు, లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో చదువుకునే అమ్మాయి వాటిని ఫోన్ నుంచి చూసుకోవడానికి దానిలో వైర్‌గార్డ్ పెట్టారు. దానికి కావలసింది ఒక్క యూడీపీ పోర్టు, 51820. ఆ పోర్టుకు వచ్చినదాన్ని 192.168.0.103కి పంపమని రౌటర్‌లో రూల్ రాశారు, ఎందుకంటే ఆ రోజు డెస్క్‌టాప్ నంబరు అదే.

మే నెల. కరెంటు పోయింది. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి ఆగలేదు. డెస్క్‌టాప్ ఇన్వర్టర్ మీద లేదు, ఆగిపోయింది. మూడు గంటలైనా కరెంటు రాలేదు. ఈలోగా డెస్క్‌టాప్ లీజు గడువు తీరి 103 ఖాళీ అయింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన బావగారి ఫోన్ వైఫైకి తగులుకుంది. ఖాళీగా ఉన్నవాటిలో చిన్న నంబరు ఇచ్చే అలవాటు ఆ రౌటర్‌ది, ఫోన్‌కు 103 ఇచ్చింది. కరెంటు వచ్చాక డెస్క్‌టాప్ లేచి, నా 103 నాకివ్వమంది. అది వేరేవాళ్ళ దగ్గర ఉందని రౌటర్ కాదంది. డెస్క్‌టాప్ మొదటి నుంచి అడిగి 107 తీసుకుంది. ఇంట్లో ఎవరికీ ఏ తేడా కనిపించదు. డెస్క్‌టాప్‌లో యూట్యూబ్ వస్తుంది, ప్రింటర్ పనిచేస్తుంది. హైదరాబాద్‌లో అమ్మాయి ఫోన్‌కు మాత్రం ఇల్లు పలకదు. ఆమె పంపే ప్యాకెట్లన్నీ బావగారి ఫోన్ దగ్గరికి వెళ్ళి అక్కడ అడ్రస్ లేకుండా పోతున్నాయి.

ఈ కథలో నష్టం ఏమీ లేదు, ఎందుకంటే ఆ ఫోన్‌లో 51820 మీద వినేవాళ్ళు లేరు. కానీ అదే రూల్ 22వ పోర్టుకో, సీసీ కెమెరా డీవీఆర్ పోర్టుకో ఉండి, కొత్తగా 103 తీసుకున్న పరికరంలో ఆ పోర్టు తెరిచి ఉంటే, మనం ఎప్పుడూ బయటపెట్టాలనుకోని యంత్రాన్ని ప్రపంచానికి చూపిస్తున్నట్టే. నంబరు జారడం అసౌకర్యమే కాదు, కొన్నిసార్లు భద్రతకు సంబంధించిన తప్పు కూడా. ఈ రెండో సంగతిని సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువగా ప్రస్తావించరు.

నంబరు నిలపడానికి పాత దారి, కంప్యూటర్‌లోనే దాన్ని చేత్తో రాసెయ్యడం. డీహెచ్‌సీపీని ఆపేసి, ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ నాలుగూ మనమే నింపుతాం. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళే వీలు లేనప్పుడు ఇదొక్కటే దారి. మన ఊళ్ళలో సీసీ కెమెరాలు బిగించేవాళ్ళు డీవీఆర్‌కు చేసేది చాలావరకు ఇదే. దీనితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, ఆ నంబరు తీసేసుకున్నట్టు రౌటర్‌కు ఎవరూ చెప్పరు. ఎంచుకున్న నంబరు పంపిణీ శ్రేణి లోపలిదైతే రౌటర్ ఏదో ఒకనాడు దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఇచ్చేముందు ఆ నంబరును పింగ్ చేసి చూసే రౌటర్లున్నాయి, కానీ ఆ క్షణాన కంప్యూటర్ ఆగి ఉంటే, లేదా పింగ్‌కు బదులివ్వకుండా ఫైర్‌వాల్ అడ్డుపడితే ఆ జాగ్రత్త పనికిరాదు. అప్పుడు ఇద్దరికీ ఒకే నంబరు. విండోస్ అయితే ఐపీ అడ్రస్ ఘర్షణ అని సందేశం చూపిస్తుంది. డీవీఆర్ ఏమీ చెప్పదు, కాసేపు కనిపించి కాసేపు మాయమవుతుంది. చేత్తోనే రాయాలనుకుంటే పంపిణీ శ్రేణికి బయటి నంబరు, మన ఉదాహరణలో 2 నుంచి 99 లోపు ఏదైనా, తీసుకోవాలి. ల్యాప్‌టాప్‌కు ఇలా రాస్తే ఇంకో ఇంటికో, ఆఫీసుకో తీసుకెళ్ళినప్పుడు అక్కడ నెట్ రాదు. నా లెక్కలో ఈ పద్ధతి గోడకు బిగించిన పరికరాలకు సరిపోతుంది, కంప్యూటర్లకు కాదు.

రెండో దారి, ఈ వ్యాసానికి కేంద్రమైనది, రౌటర్‌లో రిజర్వేషన్. కంప్యూటర్ ఎప్పటిలాగే డీహెచ్‌సీపీని అడుగుతుంది. ఈ మ్యాక్ అడ్రస్ ఉన్నవాడు అడిగితే ఈ నంబరే ఇవ్వు, ఇంకెవరికీ ఇవ్వకు అని రౌటర్‌కు ముందే చెప్పి ఉంచుతాం. ఇదేమీ రౌటర్ కంపెనీలు కనిపెట్టిన కిటుకు కాదు. నంబర్లు పంచే మూడు పద్ధతులను ఆర్‌ఎఫ్‌సీ 2131 చెప్పింది, అందులో మూడోది ఇదే. రౌటర్ తెర మీద ఇది `Address Reservation` అనో, `Static Lease` అనో, `DHCP Binding` అనో ఉంటుంది. దాదాపు ఎప్పుడూ డీహెచ్‌సీపీ పేజీలోనే దొరుకుతుంది, పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో కాదు.

చేసే పని చిన్నది. ముందు మ్యాక్ అడ్రస్ కావాలి. విండోస్‌లో `ipconfig /all` కొడితే `Physical Address` దగ్గర కనిపిస్తుంది. లినక్స్‌లో ఇలా:

```
ip -br link
```

ఇక్కడే ఒక జాగ్రత్త. మ్యాక్ అడ్రస్ కంప్యూటర్‌ది కాదు, దానిలోని నెట్‌వర్క్ కార్డుది. కేబుల్‌కు ఒకటి, వైఫైకి ఇంకొకటి ఉంటాయి. కేబుల్ మ్యాక్‌కు రిజర్వేషన్ చేసి, తరవాత కంప్యూటర్‌ను వైఫై మీదకు మారిస్తే రౌటర్ దృష్టిలో అది కొత్త యంత్రం. యూఎస్‌బీ అడాప్టర్‌తో కేబుల్ పెట్టుకునే ల్యాప్‌టాప్‌లలో మ్యాక్ సాధారణంగా అడాప్టర్‌ది, అడాప్టర్ మార్చితే అదీ మారుతుంది. బయటికి పోర్టు తెరిచిన కంప్యూటర్‌ను కేబుల్ మీద ఉంచి, ఆ ఒక్క మ్యాక్‌కే రిజర్వేషన్ చేయడం మేలు. ఒకే నంబరును కేబుల్, వైఫై రెంటికీ ఇవ్వాలని చూడకండి. రెండూ ఒకేసారి వెలిగితే ఏమవుతుందో చెప్పలేం. ఒప్పుకోని రౌటర్లు కూడా ఉన్నాయి.

తరవాత నంబరు ఎంపిక. ఇప్పుడు కంప్యూటర్ దగ్గర ఉన్న నంబరునే రిజర్వ్ చేయడం అన్నిటికంటే తేలిక, ఫార్వర్డింగ్ రూల్‌ను కూడా ముట్టుకోనక్కరలేదు. శ్రేణికి బయటి నంబరు తీసుకుంటే ఇంకా శుభ్రంగా ఉంటుంది, అది ఎవరి చేతిలోనూ ఉండే అవకాశం లేదు. డీఎన్ఎస్‌మాస్క్ వాడే రౌటర్లు దీన్ని ఒప్పుకుంటాయి. ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చే కొన్ని ఫైబర్ డబ్బాలు మాత్రం శ్రేణి లోపలి నంబరే ఇవ్వాలని పట్టుబడతాయి. ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తే లోపలిదే తీసుకోండి, నష్టం లేదు. మన రాజమండ్రి ఇంట్లో 50 తీసుకున్నారనుకుందాం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ అయితే `/etc/config/dhcp` ఫైల్‌లో అది ఇంత ఉంటుంది:

```
config host
        option name 'illu-pc'
        option mac '00:00:5e:00:53:1a'
        option ip '192.168.0.50'
```

మామూలు రౌటర్‌లో ఇవే మూడు గడులు తెర మీద నింపుతాం. సేవ్ చేయగానే పని అయిపోయిందనుకుంటారు, కాలేదు. కంప్యూటర్ ఇంకా పాత లీజు మీదే ఉంది, పాత నంబరుతోనే ఉంది. అది మళ్ళీ అడిగేదాకా రిజర్వేషన్ కాగితం మీదే ఉంటుంది. విండోస్‌లో `ipconfig /release`, తరవాత `ipconfig /renew`. లినక్స్‌లో కేబుల్ పీకి పెట్టడం, లేదా కంప్యూటర్‌ను ఒకసారి ఆపి వెలిగించడం చాలు. ఆ తరవాత ఫార్వర్డింగ్ రూల్‌లో 103 తీసి 50 రాయాలి. ఈ చివరి అడుగు మరిచిపోయినవాళ్ళకు అంతకుముందు పనిచేస్తున్నది కూడా ఆగుతుంది, రిజర్వేషనే చెడగొట్టిందని దాన్ని తీసేస్తారు.

ఇంకో మెలిక ఉంది. రిజర్వ్ చేసిన నంబరు ఆ క్షణాన ఇంకో పరికరం చేతిలో ఉంటే? బావగారి ఫోన్ ఇంకా 103 మీదే ఉండగా డెస్క్‌టాప్‌కు 103 రిజర్వ్ చేశామనుకోండి. ఇచ్చిన లీజును మధ్యలో లాక్కునే వీలు మామూలుగా రౌటర్‌కు లేదు. డీఎన్ఎస్‌మాస్క్ అయితే ఆ నంబరు ఫలానావాళ్ళకు లీజులో ఉంది కాబట్టి వాడటం లేదని లాగ్‌లో రాసి, డెస్క్‌టాప్‌కు వేరే నంబరు ఇస్తుంది. తెర మీద రిజర్వేషన్ కనిపిస్తూనే ఉంటుంది, అమలు మాత్రం కాదు. ఆ ఫోన్‌లో వైఫై ఆపి, రౌటర్‌ను ఒకసారి ఆపి వెలిగించి, ముందు డెస్క్‌టాప్‌ను కలపండి. శ్రేణికి బయటి నంబరు మంచిదని చెప్పడానికి కారణం ఇదే.

ఇక రిజర్వేషన్ చేసినా నిలవని సందర్భాలు. ఇప్పుడు ముందుగా చూడాల్సింది మారే మ్యాక్ అడ్రస్. షాపింగ్ మాల్ వైఫైలు మనుషుల్ని వెంటాడకుండా ఆండ్రాయిడ్ 2019లో వచ్చిన పదో వెర్షన్ నుంచి, ఐఫోన్లు 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి వైఫైకి నకిలీ మ్యాక్ చూపించడం మొదలుపెట్టాయి. విండోస్‌లో ఈ సదుపాయం ఉన్నా మామూలుగా ఆపి ఉంటుంది. 2024లో మ్యాక్‌ఓఎస్ సెక్వోయా కూడా ఈ దారి పట్టింది. నకిలీని గుర్తుపట్టడం కష్టం కాదు. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, a, e లలో ఏదైనా అయితే అది కంపెనీ ముద్రించింది కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టింది. అలాంటి మ్యాక్‌కు రిజర్వేషన్ చేసి ఉంటే, సెట్టింగ్ మారినరోజో, వైఫైని మరిచిపొమ్మని చెప్పి మళ్ళీ కలిపినరోజో అది చెల్లకపోవచ్చు. ఇంటి వైఫై ఒక్కదానికి ఆ సదుపాయాన్ని ఆపుకోవచ్చు. లేదా ముందే చెప్పినట్టు, కేబుల్.

రెండోది అంతగా తెలియనిది. డీహెచ్‌సీపీలో కంప్యూటర్ మ్యాక్‌తో పాటు క్లయింట్ ఐడెంటిఫయర్ అని ఇంకో గుర్తును కూడా పంపవచ్చు. అది ఉంటే సర్వర్ దాన్నే ముఖ్యంగా పట్టించుకోవాలని ప్రమాణం చెబుతుంది. ఉబుంటు సర్వర్ వంటి లినక్స్‌లలో సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ ఆ గుర్తును మ్యాక్ నుంచి కాక, ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టినప్పుడు పుట్టిన మెషీన్ ఐడీ నుంచి తయారుచేస్తుంది. డీఎన్ఎస్‌మాస్క్‌కు మ్యాక్ ఒక్కటే రాసి ఉంచితే అది మ్యాక్‌నే చూస్తుంది కాబట్టి ఇబ్బంది రాదు. వేరే కొన్ని సర్వర్లు ఐడెంటిఫయర్ చూసి, ఇదెవరో కొత్తవాడని వేరే నంబరు ఇస్తాయి. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉండి, ఒకదానిలో సరైన నంబరు, రెండోదానిలో తప్పు నంబరు వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. మందు నెట్‌ప్లాన్ ఫైల్‌లో ఒక్క వరుస, ఇక్కడ చివరిది:

```
network:
  version: 2
  ethernets:
    enp3s0:
      dhcp4: true
      dhcp-identifier: mac
```

`enp3s0` స్థానంలో మీ కార్డు పేరు రాసి, `sudo netplan apply` కొడితే కంప్యూటర్ మ్యాక్‌నే తన గుర్తుగా పంపుతుంది.

మూడోది మన ఇళ్ళలో చాలా మామూలు: రెండు రౌటర్లు. కంపెనీవాళ్ళు పెట్టిన ఫైబర్ డబ్బా గుమ్మం దగ్గర ఉంటుంది. సిగ్నల్ లోపలి గదులకు అందడం లేదని మనం కొన్న వైఫై రౌటర్‌ను దాని వెనకాల తగిలిస్తాం. రెండూ రౌటర్లుగానే పనిచేస్తే లోపల రెండు వేర్వేరు నెట్‌వర్కులు. డెస్క్‌టాప్ రెండో దాని కింద ఉంటే, బయటి ప్యాకెట్ ముందు ఫైబర్ డబ్బాకు వస్తుంది, దానికి డెస్క్‌టాప్ కనపడదు. అప్పుడు రిజర్వేషన్లూ రెండు కావాలి, రూల్సూ రెండు కావాలి. ఫైబర్ డబ్బాలో మన రౌటర్ బయటి వైపు మ్యాక్‌కు ఒక నంబరు, దానికి ఒక రూల్. మన రౌటర్‌లో డెస్క్‌టాప్‌కు ఒక నంబరు, దానికి ఒక రూల్. ఇది పనిచేస్తుంది కానీ తెగే చోట్లు రెండింతలవుతాయి. మన రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చి నంబర్లు పంచే పని ఒక్కరికే వదిలెయ్యడం మంచిది.

ఆగిపోయినప్పుడు తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? చాలామంది వెంటనే రూల్‌ను తీసి మళ్ళీ రాస్తారు. ముందు చూడాల్సింది అది కాదు. డెస్క్‌టాప్ ముందు కూర్చుని దాని నంబరు చూడండి. లినక్స్‌లో `ip -4 -br addr`, విండోస్‌లో `ipconfig`. రూల్‌లో ఉన్న నంబరుతో అది సరిపోకపోతే జబ్బు దొరికినట్టే, ఇంకేమీ వెతకనక్కరలేదు. సరిపోతే ప్యాకెట్ ఇంట్లోకి వస్తోందో లేదో చూడాలి:

```
sudo tcpdump -ni enp3s0 udp port 51820
```

ఇది నడుస్తుండగా ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద వైర్‌గార్డ్ వెలిగించండి. వైఫై ఆపడం తప్పనిసరి, ఎందుకంటే ఇంట్లో నుంచి ఇంటి బయటి చిరునామాకు వెళ్ళి తిరిగి లోపలికి రావడాన్ని కొన్ని రౌటర్లు ఒప్పుకోవు. అక్కడ పనిచేయలేదని అంతా పాడైందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. తెర మీద వరుసలు కదిలితే రౌటర్ తన పని చేసింది, ఇక చూడాల్సింది కంప్యూటర్ ఫైర్‌వాల్, వైర్‌గార్డ్ తాళాలు. ఏమీ కదలకపోతే తప్పు రౌటర్‌లోనో, దానికి పైనో ఉంది. పోర్టు తెరిచి ఉందో లేదో చెప్పే వెబ్‌సైట్లు ఇక్కడ పనికిరావు. గుర్తు తెలియనివాళ్ళ ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ బదులే ఇవ్వదు కాబట్టి అన్నీ సవ్యంగా ఉన్నా అవి మూసి ఉందనే చెప్పవచ్చు.

యూడీపీ విషయంలో ఒక చిత్రం ఉంది. రూల్‌ను 103 నుంచి 50కి సరిదిద్దినా కాసేపు ప్యాకెట్లు 103కే పోతుంటాయి. మొదలైన సంభాషణను రౌటర్ గుర్తుపెట్టుకుంటుంది, దాని మధ్యలో రూల్‌ను మళ్ళీ చూడదు. లినక్స్ ఆధారిత రౌటర్లలో బదులు రాని యూడీపీ సంభాషణ జ్ఞాపకం మామూలుగా 30 సెకన్లు. వైర్‌గార్డ్ ఐదు సెకన్లకొకసారి మళ్ళీ ప్రయత్నిస్తుంది కాబట్టి ఆ జ్ఞాపకం చెరగనే చెరగదు. సరిదిద్దినా పనిచేయడం లేదని ఇంకో పది మార్పులు చేసే ముందు, ఫోన్‌లో వైర్‌గార్డ్ ఆపి ఒక నిమిషం ఆగండి.

ఈ నంబర్ల గొడవే లేకుండా తప్పించుకునే మార్గాలూ ఉన్నాయి. రూల్ రాసేటప్పుడు నంబరు బదులు పరికరాల జాబితా చూపించే రౌటర్లు వచ్చాయి. వాటిలో కొన్ని నిజంగానే మ్యాక్‌ను గుర్తుపెట్టుకుని నంబరు మారితే రూల్‌నూ మారుస్తాయి. కొన్ని జాబితాలో ఎంచుకున్న పరికరం అప్పటి నంబరును గడిలో నింపి ఊరుకుంటాయి. మీది ఏ రకమో తేలనప్పుడు రిజర్వేషన్ కూడా చేసి ఉంచడమే క్షేమం. యూపీఎన్‌పీ అయితే ప్రోగ్రామే రౌటర్‌ను అడిగి తనకు కావలసిన పోర్టు తెరిపించుకుంటుంది, తన అప్పటి నంబరునే చెబుతుంది కాబట్టి పాత నంబరు ప్రసక్తి రాదు. గేమ్ కన్సోళ్ళకు అది సౌకర్యమే. కానీ ఇంట్లో ఏ పరికరంలోని ఏ ప్రోగ్రామైనా అడిగితే తలుపు తీసే ఏర్పాటు నాకు నచ్చదు. పైగా వైర్‌గార్డ్ తనంతట తాను అలా అడగదు కూడా.

రిజర్వేషన్ ఎంత పక్కాగా ఉన్నా పనికిరాని చోటు ఒకటుంది. రౌటర్ స్టేటస్ పేజీలో బయటి వైపు ఐపీ అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైనా, 10తో మొదలైనా, మీ రౌటర్‌కు సొంత బహిరంగ చిరునామా లేదు. కంపెనీ ఒకే చిరునామాను ఎన్నో ఇళ్ళకు కలిపి ఇస్తోంది. ఆ 100.64 శ్రేణిని ఇందుకోసమే 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 విడిగా కేటాయించింది. మన దేశంలో ఎన్నో ఫైబర్ కనెక్షన్లు, మొబైల్ డేటా దాదాపుగా అంతా, ఇలాగే నడుస్తున్నాయి. ఇక్కడ బయటి ప్యాకెట్ మన రౌటర్ దాకానే రాదు, లోపల ఏ రూల్ రాసినా వృథా. కంపెనీని అడిగి బహిరంగ చిరునామా కొనుక్కోవాలి, లేదా టెయిల్‌స్కేల్ వంటి, లోపలి నుంచి బయటికి కలిపే పద్ధతికి మారాలి. అందుకని రిజర్వేషన్ పేజీ తెరవడానికి ముందే ఈ ఒక్కటి చూసుకోండి, ఒక సాయంత్రం మిగులుతుంది. కనెక్షన్‌కు ఐపీవీ6 ఉంటే ఈ పంచాయితీ అంతా వేరే రూపంలో వస్తుంది. అక్కడ నంబరు మార్పిడి ఉండదు, రౌటర్ ఫైర్‌వాల్‌లో కంప్యూటర్ చిరునామాకు దారి ఇవ్వడమే ఉంటుంది. కానీ చిరునామా ముందు భాగాన్ని కంపెనీ మార్చవచ్చు, వెనక భాగాన్ని గోప్యత కోసం కంప్యూటర్ మార్చవచ్చు. అది ఇంకో వ్యాసానికి సరిపడా విషయం.

మొత్తం మీద నా తీర్పు ఇది: ఇంట్లో బయటికి పోర్టు తెరిచిన కంప్యూటర్ ఒక్కటే ఉన్నా, కేబుల్ మీద ఉంచి, పంపిణీ శ్రేణికి బయటి నంబరును రౌటర్‌లో రిజర్వ్ చేసి, కంప్యూటర్‌ను మాత్రం డీహెచ్‌సీపీ మీదే వదిలెయ్యాలి. దీనికి మిగిలే బలహీనత ఒక్కటే, అంతా ఆ డబ్బాలోనే ఉండటం. కంపెనీ మనిషి వచ్చి ఫైబర్ డబ్బా మార్చిన రోజున రిజర్వేషనూ పోతుంది, రూలూ పోతుంది. కొత్త డబ్బా 192.168.0 బదులు 192.168.1తోనో 192.168.29తోనో మొదలైతే పాత నంబరు మళ్ళీ రాయడానికి కూడా కుదరదు. కాబట్టి ఆ రెండు పేజీలకూ ఇవాళే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, అతను తలుపు తట్టాక కాదు.